ఫోన్‌కి ఫోన్ ఆనిస్తే డబ్బెలా వెళ్తుంది?

గుంటూరులో ఒక చీరల కొట్టు అనుకుందాం. బిల్లు 640 రూపాయలైంది. కొట్టాయన తన ఫోన్‌లో ఆ అంకె కొట్టి ముందుకి చాపాడు. చీర కొన్నావిడ తన ఫోన్ లాక్ తీసి, దాని వెనక భాగాన్ని ఆయన ఫోన్ వెనక భాగానికి ఆనించింది. రెండు క్షణాల్లో ఆయన తెర మీద ‘చెల్లింపు పూర్తయింది’ అని వచ్చింది. క్యూఆర్ కోడ్ లేదు, కార్డు మిషన్ లేదు. చూసేవాళ్లకి ఆమె ఫోన్‌లోంచి ఆయన ఫోన్‌లోకి డబ్బు దూకినట్టే ఉంటుంది. కానీ ఆ రెండు ఫోన్ల మధ్య ఒక్క రూపాయి కూడా కదల్లేదు. కదిలింది కొన్ని వందల బైట్ల సమాచారం. ఫలానా మొత్తాన్ని ఈ కార్డు నుంచి ఒక్కసారి తీసుకోవచ్చని చెప్పే అనుమతి అందులో ఉంది. అది ఆ ఒక్క బిల్లుకే రాసిచ్చిన చెక్కు లాంటిది. దాన్ని నకలు తీసుకున్నవాడికి రెండో చెల్లింపు రాదు. ఎందుకు రాదో తెలియాలంటే ఆ అర సెకనులో ఏం జరుగుతుందో వరసగా చూడాలి.

ముందు తాకిడి సంగతి. ఎన్ఎఫ్‌సీ ఉన్న ప్రతి ఫోన్‌లో వెనక మూత కింద సన్నటి లోహపు చుట్ట ఒకటి ఉంటుంది. కొట్టాయన ఫోన్ తన చుట్టలోకి 13.56 మెగాహెర్ట్జ్ కరెంటు పంపుతుంది. అంటే ఆ కరెంటు సెకనుకి కోటీ ముప్పై అయిదు లక్షల అరవై వేల సార్లు ఊగుతుంది. దాంతో చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. రేడియో స్టేషన్ తరంగాల్లా ఇది ఊళ్లు దాటిపోదు. చుట్ట సైజుని మించి దూరం జరిగాక, దూరం రెట్టింపైతే క్షేత్రం బలం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అందుకే నాలుగు సెంటీమీటర్ల లోపే పని జరుగుతుంది. ఆవిడ ఫోన్ ఆ క్షేత్రంలోకి వచ్చి, దాని మీద వేసే భారాన్ని మారుస్తూ జవాబు చెబుతుంది. ఆ మార్పు కొట్టాయన ఫోన్‌కి తన చుట్టలోనే అందుతుంది. ప్లాస్టిక్ కార్డు వై-ఫై గుర్తు ఉన్నచోట తాకించినా జరిగేది ఇదే.

ఏ రెండు ఫోన్లు ఆనించినా డబ్బు వెళ్లిపోతుందన్న భయం అక్కర్లేదు. ఒక ఫోన్ కార్డు రీడర్‌గా, రెండోది కార్డుగా ఉంటేనే మాట మొదలవుతుంది. కొట్టాయన ఫోన్‌ని రీడర్‌గా మార్చేది ఆయన బ్యాంకు ఇచ్చిన వ్యాపారి యాప్. ఆవిడ ఫోన్‌ని కార్డుగా మార్చేది గూగుల్ పే, శాంసంగ్ వాలెట్ లాంటి యాప్‌లో ఆమె ముందే ఎక్కించుకున్న క్రెడిట్ కార్డో డెబిట్ కార్డో. 2013లో ఆండ్రాయిడ్ 4.4 వచ్చాక మామూలు యాప్ కూడా కార్డులా జవాబివ్వగలిగింది. అంతకుముందు ఆ పనికి సిమ్‌లోనో ఫోన్‌లోనో ప్రత్యేకమైన భద్రతా చిప్ కావాల్సి వచ్చేది. ఆ మార్పే లేకపోతే ఫోన్‌కి ఫోన్ ఆనించి చెల్లించడం ఇంత మందికి అందేది కాదు.

ఇక సంభాషణ. ఎప్పుడూ రీడరే అడుగుతుంది, కార్డు జవాబు మాత్రమే చెబుతుంది. కొట్టాయన ఫోన్ అడిగే మొదటి ప్రశ్న ప్రపంచంలో ఏ కొట్లోనైనా ఒకటే.

```
00 A4 04 00 0E 32 50 41 59 2E 53 59 53 2E 44 44 46 30 31 00
```

ఇందులో 32 నుంచి 31 దాకా ఉన్న పద్నాలుగు బైట్లని అక్షరాల్లోకి మారిస్తే 2PAY.SYS.DDF01 అని వస్తుంది. ‘నీ దగ్గర తాకించి చెల్లించే కార్డులు ఏమున్నాయి?’ అని దాని అర్థం. ఆవిడ ఫోన్‌లో ఉన్నది వీసా కార్డైతే A0000000031010 అనే గుర్తు జవాబులో వస్తుంది. జవాబు చివర్న 90 00 ఉంటే అంతా సరిగా ఉన్నట్టు.

తర్వాత కార్డు వేషంలో ఉన్న ఫోన్ తనకేం వివరాలు కావాలో చెబుతుంది. కొట్టాయన ఫోన్ వాటిని అందిస్తుంది. వాటిలో ముఖ్యమైన మూడు ఇవి.

```
00 00 00 06 40 00
03 56
7C 1E A9 52
```

మొదటి వరస బిల్లు. 640 రూపాయలంటే 64,000 పైసలు, దాన్నే పన్నెండంకెల్లో రాశారు. రెండో వరసలోని 356 మన రూపాయికి అంతర్జాతీయంగా ఉన్న సంఖ్య. మూడోది కొట్టాయన ఫోన్ అప్పటికప్పుడు ఇష్టమొచ్చినట్టు ఎంచుకున్న అంకె, ఇక్కడ రాసింది ఉదాహరణకే. ప్రతి చెల్లింపుకీ అది కొత్తగా పుడుతుంది. మొత్తం కథలో నాకు అన్నిటికంటే ముచ్చటేసేది ఈ నాలుగు బైట్లే. నిన్నటి చెల్లింపుని ఎవరైనా రికార్డు చేసి ఇవాళ వినిపించబోతే, ఇవాళ్టి రీడర్ వేరే అంకె అడుగుతుంది, ఆ పాత జవాబు పనికిరాదు.

ఆవిడ ఫోన్ దగ్గర రెండు సొంత విషయాలున్నాయి. ఒకటి, ఇది ఎన్నో చెల్లింపో చెప్పే లెక్క. అది ప్రతిసారీ ఒకటి పెరుగుతుందే తప్ప తగ్గదు. రెండోది రహస్య తాళంచెవి. అది ఫోన్ దాటి బయటికి రాదు. మొత్తం, కరెన్సీ, తేదీ, కొట్టాయన ఇచ్చిన అంకె, తన లెక్క అన్నిటినీ ఆ తాళంచెవితో కలిపి గణించి, ఎనిమిది బైట్ల ఫలితం తీస్తుంది. దీన్ని క్రిప్టోగ్రామ్ అంటారు. 640 బదులు 6,400 అని మార్చినా, తేదీ ఒక రోజు జరిపినా ఆ ఎనిమిది బైట్లు పూర్తిగా వేరేగా వస్తాయి. క్రిప్టోగ్రామ్‌తో పాటు కార్డు నంబరు, గడువు తేదీ, లెక్క కొట్టాయన ఫోన్‌కి వెళ్తాయి.

ఆ వెళ్లే కార్డు నంబరు కూడా ప్లాస్టిక్ మీద అచ్చయినది కాదు. కార్డుని యాప్‌లో ఎక్కించిన రోజున ఆ ఫోన్ కోసమే ఇచ్చిన మారు నంబరు అది, దాన్ని టోకెన్ అంటారు. మన దేశంలో దీనికి ఆర్‌బీఐ 2019 జనవరిలో అనుమతిచ్చింది. మీరూ దీన్ని కళ్లారా చూడొచ్చు. ఫోన్‌తో చెల్లించాక వచ్చిన రసీదు మీద చివరి నాలుగంకెలు మీ కార్డు మీద ఉన్న వాటితో కలవకపోవచ్చు. సరుకు వెనక్కిచ్చేటప్పుడు కొట్టువాళ్లు ‘నంబరు కలవట్లేదండీ’ అంటే కారణం ఇదే. కార్డు వెనక ఉండే మూడంకెల సీవీవీ, పిన్, ఖాతాలో ఉన్న మొత్తం, ఆమె ఫోన్ నంబరు, వేలిముద్ర ఇవేవీ వెళ్లవు. లాక్ తీసిన సంగతి మాత్రం ‘యజమాని ధ్రువపడ్డారు’ అన్న చిన్న గుర్తుగా వెళ్తుంది.

ఇంతవరకు నెట్ అవసరం లేదు. ఒక మోస్తరు చెల్లింపులకి సరిపడా ముడిసరుకు ఆవిడ ఫోన్‌లో ముందే ఉంటుంది కాబట్టి ఆమెకి సిగ్నల్ లేకపోయినా పని జరుగుతుంది. కొట్టాయనకి మాత్రం నెట్ తప్పనిసరి. ఆయన యాప్ ఈ వివరాల్ని ఆయన బ్యాంకుకి, అది వీసా నెట్‌వర్క్‌కి పంపుతుంది. అక్కడ టోకెన్ అసలు కార్డు నంబరుగా మారుతుంది, అదే తాళంచెవితో అదే గణన మళ్లీ చేస్తారు. ఎనిమిది బైట్లు కలిస్తే ఆవిడ బ్యాంకు ఖాతా చూసి ‘సరే’ అంటుంది. డబ్బు కదిలేది ఆ తర్వాత, బ్యాంకుల మధ్య లెక్క తేలినప్పుడు.

ఈ వరస తెలియక కొట్ల దగ్గర గొడవలవుతుంటాయి. ఆవిడ ఫోన్ మీద పచ్చటి టిక్కు పడుతుంది. దానర్థం తాను క్రిప్టోగ్రామ్ ఇచ్చేశానని మాత్రమే. బ్యాంకు కాదన్నా ఆ టిక్కు పడే ఉండొచ్చు. ‘నాకు పడిందమ్మా’ అని ఆమె, ‘నాకు రాలేదండీ’ అని ఆయన వాదించుకుంటే, చూడాల్సింది కొట్టాయన తెర, ఆమెకి బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్. ఫోన్ ముందుగా లాగేసి మధ్యలో తెగిపోతే లెక్క ఒకటి పెరిగి ఊరుకుంటుంది, డబ్బు పోదు. మళ్లీ ఆనిస్తే చాలు. ఎంతకీ పట్టకపోతే లోహపు కవరో, అయస్కాంతపు స్టాండు రేకో అడ్డు ఉందేమో చూడాలి, లేదా ఫోన్‌ని కాస్త పైకీ కిందకీ జరపాలి. చుట్ట అన్ని ఫోన్లలో ఒకేచోట ఉండదు.

ఇంత కట్టుదిట్టంలోనూ ఒక సందుంది. నాలుగు సెంటీమీటర్ల దగ్గరతనం భౌతికశాస్త్రం ఇచ్చిన రక్షణే గాని, క్రిప్టోగ్రామ్‌లో దూరం రాసి ఉండదు. మధ్యలో ఇద్దరు దొంగ ఫోన్లు పెట్టుకుని ప్రశ్నల్ని, జవాబుల్ని ఇంటర్నెట్ మీదుగా అటూఇటూ మోస్తే, రీడర్ తన ఎదుటే కార్డుందనుకుంటుంది. 2024 ఆగస్టులో ఈసెట్ అనే భద్రతా సంస్థ ఎన్‌గేట్ పేరుతో బయటపెట్టిన మోసం సరిగ్గా ఇదే. చెక్ దేశపు బ్యాంకు ఖాతాదారుల చేత దొంగ యాప్ వేయించి, ధ్రువీకరణ పేరుతో వాళ్ల ప్లాస్టిక్ కార్డుని ఫోన్ వెనక ఆనించమన్నారు, పిన్ కూడా రాబట్టారు. దొంగ ఇంకెక్కడో ఏటీఎం దగ్గర తన ఫోన్ ఆనించి డబ్బు తీసుకున్నాడు. కాబట్టి ఫోన్ చేసినవాడు ఎవరైనా సరే, యాప్ వేసుకుని మీ కార్డుని మీ ఫోన్‌కే ఆనించమంటే, ఆ నిమిషమే పెట్టేయండి. ఏ బ్యాంకుకీ ఆ అవసరం ఉండదు.

పైన చెప్పినదంతా కార్డు పద్ధతి. ఇద్దరికీ నెట్ లేనిచోట ఇది కుదరదు. దానికోసం 2023 సెప్టెంబర్‌లో యూపీఐ లైట్ ఎక్స్ తెచ్చారు. అందులో కొంత డబ్బు ముందే ఫోన్‌లోని లైట్ ఖాతాకి కేటాయించుకుంటారు. తాకించినప్పుడు ఫోనే అందులోంచి తగ్గించి అవతలి ఫోన్‌కి చెబుతుంది, బ్యాంకులకి ఆ లెక్క తర్వాత నెట్ తగిలినప్పుడు అందుతుంది. ఇక్కడ చిక్కేమిటంటే, ఆ క్షణాన ఎనిమిది బైట్లు కలిశాయో లేదో చూసే బ్యాంకు మధ్యలో ఉండదు. ఫోన్‌ని చెడగొట్టగలిగినవాడు అదే 500ని నలుగురికి ఇవ్వబోవచ్చు. అందుకే ఆర్‌బీఐ 2022 జనవరిలో ఆఫ్‌లైన్ చెల్లింపులకి నియమాలు పెట్టినప్పుడు ఒక్కోసారి 200, మొత్తం 2,000 దాటకూడదంది. 2024 డిసెంబర్‌లో యూపీఐ లైట్‌కి వాటిని 1,000కి, 5,000కి పెంచింది. మన చీర బిల్లు ఆ హద్దులో పడుతుంది. పెళ్లి పట్టుచీర బిల్లు మాత్రం కొట్టాయన ఫోన్‌కి నెట్ తగిలేదాకా ఆగాల్సిందే.