"నాన్న ఫోటోలు పంపండి" అంటే చాలదు

మనిషి పోయిన వారం పది రోజుల్లో, పెద్దకర్మ ఏర్పాట్ల మధ్య ఎవరో ఒకరు కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక మాట పెడతారు: "నాన్నవి పాత ఫోటోలు, వీడియోలు ఉంటే అందరూ పంపండి, వీడియో చేయిస్తున్నాం." సాయంత్రానికి గ్రూపు నిండిపోతుంది. తీరా చూస్తే అందులో సగం ఒకటే ఫోటో. నిరుడు మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో తీసినదాన్నే నలుగురు పంపి ఉంటారు, ఒకదాన్ని మించి ఒకటి మసకగా. ఆయన పాతికేళ్ళ వయసులో ఎలా ఉండేవారో చూపే ఫోటో ఒక్కటీ రాదు.

అందరినీ కలిపి అడిగితే ఎవరూ ట్రంకు పెట్టె తెరవరు. చేతిలో ఉన్న ఫోన్‌లో దొరికింది పంపేసి ఊరుకుంటారు. అందుకే ఈ పనికి గ్రూపు మెసేజ్ కన్నా ఒక్కొక్కరికి విడిగా రాసిన ఉత్తరం అక్కరకొస్తుంది. అది వాట్సాప్‌లో వెళ్ళినా సరే, ఉత్తరంలా ఉండాలి: ఎవరి దగ్గర ఏముందో గుర్తుచేయాలి, ఎలా పంపాలో చెప్పాలి, ఎప్పటిలోగా కావాలో రాయాలి.

ఒక ఇంటిని ఊహించుకుందాం. తెనాలిలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన పోయారు. సంవత్సరీకం నాటికి అయిదు నిమిషాల వీడియో చేయించాలని కూతురి కోరిక. ఒక్కో ఫోటో అయిదారు సెకన్లు తెరమీద నిలిస్తే అయిదు నిమిషాలకు యాభై, అరవై ఫోటోలు సరిపోతాయి. ఆమెకు వందలు అక్కర్లేదు, జీవితమంతటా పరుచుకున్న అరవై కావాలి. అందుకని ముందు ఒక కాగితం మీద చిన్నతనం, ఉద్యోగంలో చేరిన రోజులు, పెళ్ళి, డిపో స్నేహితులు, మనవలు అని రాసుకుని, ఒక్కోదాని ఎదురుగా అది ఎవరింట్లో ఉండవచ్చో పేరు రాసుకుంటుంది. చిన్నతనం ఎదురుగా మేనత్త పేరు పడుతుంది. ఆమెకు రాసే ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"అత్తయ్యా, నమస్కారం. నాన్న సంవత్సరీకానికి ఒక చిన్న వీడియో చేయిస్తున్నాం. నాన్న, మీరు తాతయ్య పక్కన నిలబడి స్టూడియోలో తీయించుకున్న నలుపు తెలుపు ఫోటో మీ బీరువాలో ఉందని అమ్మ చెప్పింది. నాకు అది కావాలి. ఫ్రేములో ఉంటే విప్పొద్దు, మన చంటిని అలాగే ఫోన్‌తో ఫోటో తీయమనండి. వెనక ఏమైనా రాసి ఉంటే అదీ తీయమనండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫోటోలా కాకుండా `Document` అని నొక్కి పంపమనండి. ఈ నెలాఖరులోగా వస్తే చాలు. వాడికి కుదరకపోతే చెప్పండి, నేనే ఒంగోలు వచ్చి తీసుకుంటాను. ఫోటో మీ ఇల్లు దాటనక్కర్లేదు."

చివరి వాక్యం చిన్నదే గాని చాలా పని చేస్తుంది. ఇచ్చిన ఫోటో తిరిగి రాదన్న భయంతోనే చాలామంది పెద్దవాళ్ళు "ఏమో, ఎక్కడ పెట్టానో" అనేస్తారు.

ఇక `Document` సంగతి. వాట్సాప్‌లో ఫోటోను మామూలుగా పంపితే అది త్వరగా వెళ్ళడానికి యాప్ దాన్ని కుదిస్తుంది. ఈ రోజుల్లో ఫోన్ తీసే ఫోటో వెడల్పు సుమారు 4000 పిక్సెళ్ళు. మామూలు నాణ్యతలో పంపితే అవతల చేరేసరికి దాదాపు 1600 అవుతుంది. ఫోన్ తెర మీద తేడా తెలియదు. కానీ ఇరవై మంది ఉన్న గ్రూపు ఫోటోలో పెద్దాయన ముఖం మొత్తం వెడల్పులో ఇరవయ్యో వంతు అనుకుంటే, అసలు ఫోటోలో ఆ ముఖానికి 200 పిక్సెళ్ళు ఉంటాయి, కుదించినదాంట్లో 80 మిగులుతాయి. ఎడిటర్ ఆ ముఖాన్ని ఫంక్షన్ హాలు తెర మీద దగ్గరగా చూపబోతే గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. HD అని నొక్కితే కొంత నయం, డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. వీడియోలకూ ఇదే పద్ధతి.

వచ్చింది అసలుదా కాదా అని కనిపెట్టడానికి ఫైలు పేరు చూడాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో `IMG-20230514-WA0007.jpg` అన్నట్టు మధ్యలో WA ఉంటే అది ఒకసారి వాట్సాప్‌లో ప్రయాణించి వచ్చినదే. అలాంటిది డాక్యుమెంటుగా పంపించుకున్నా పోయిన వివరం తిరిగి రాదు. అప్పుడు చేయాల్సింది ఒకటే: "ఇది మొదట తీసింది ఎవరు?" అని అడిగి వాళ్ళ ఫోన్‌లోని ఫైలు తెప్పించుకోవడం.

కాగితం ఫోటోలకు స్కానర్ ఉంటే మేలు. పోస్టుకార్డంత ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేస్తే తెరకు కావలసినదానికన్నా ఎక్కువే వస్తుంది. పాస్‌పోర్టు సైజు ఫోటో అయితే 1200 పెట్టాలి. స్కానర్ లేని ఇంట్లో ఫోన్ చాలు, కానీ ట్యూబులైటు కింద కాదు. పగటిపూట, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన ఫోటోను బల్ల మీద పరిచి, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను సరిగ్గా దానిపైన సమంగా పట్టుకోవాలి. ఫ్రేము అద్దంలో ఫోన్ నీడ కనిపిస్తుంటే, ఫోన్ పట్టుకున్న వైపు నల్ల గుడ్డ అడ్డం పెడితే మెరుపు పోతుంది. తీశాక ముఖం మీదికి జూమ్ చేసి కళ్ళు స్పష్టంగా ఉన్నాయో లేదో చూడాలి.

పెద్దవాళ్ళు పోయాక దండ వేసిన ఫోటోల అద్దం మీద బొట్టు ఉంటుంది. దాన్ని పొడి గుడ్డతో అద్దం మీదే తుడవవచ్చు. కానీ అద్దానికి అంటుకుపోయిన ఫోటోను పీకకూడదు. తేమకు ఫోటో పైపొర అద్దానికి కరుచుకుని ఉంటుంది, లాగితే ముఖమే ఊడి వస్తుంది. జిగురు పేజీల ఆల్బములదీ అదే కథ. పేజీతో సహా ఫోటో తీసుకోవడమే క్షేమం. ఆల్బం వెనక సంచీలో గోధుమరంగు నెగటివ్ ముక్కలుంటే మాత్రం అవి బంగారం. ప్రింటు వెలిసిపోయినా నెగటివ్‌లో మనిషి బాగా ఉండవచ్చు.

క్యాసెట్ల దగ్గర తొందరపడకూడదు. ఈ కూతురి పెళ్ళి 1998లో జరిగిందనుకుంటే అది వీహెచ్ఎస్ క్యాసెట్టు. దాని చిన్న కిటికీలోంచి చుట్ట అంచున తెల్లని బూజు కనిపిస్తే పాత వీసీఆర్‌లో పెట్టి చూడబోకూడదు. టేపు తెగవచ్చు, ఆ బూజు మిషన్‌కూ మిగతా క్యాసెట్లకూ అంటుతుంది. క్యాసెట్లను ఫైలుగా మార్చే స్టూడియోకు అలాగే ఇవ్వాలి. పెద్దకర్మకు పది రోజుల్లో ఇది తెమిలే పని కాదు. ఆ వీడియోకు ఫోటోలు చాలు, క్యాసెట్టు సంవత్సరీకానికి. స్టూడియోవాళ్ళకు ఒక మాట చెప్పాలి: పాత టీవీ కొలతలోని బొమ్మను వెడల్పు తెరకు సాగదీయొద్దని. సాగదీస్తే సన్నటి మనిషి కూడా లావుగా, పొట్టిగా కనిపిస్తారు. పక్కల నల్లపట్టీలు ఉన్నా ఫర్వాలేదు.

డీవీడీలైతే కంప్యూటర్లో తెరిచి, `VIDEO_TS` అనే ఫోల్డరును మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తమని చెబితే చాలు.

ఇవన్నీ అడిగేవాళ్ళు తరచూ మరిచిపోయేది గొంతు. డాలస్‌లో ఉన్న కొడుక్కి రాసే ఉత్తరంలో ఫోటోల కన్నా ముందు అదే రాయాలి: "నాన్న నీకు పెట్టిన వాయిస్ మెసేజులు ఒక్కటీ చెరపకు, ఫోన్ మార్చకు. చాట్‌లో మొదటి నుంచీ వెతికి అన్నీ నాకు ఫార్వర్డ్ చెయ్యి. వీడియోల్లో ఆయన పక్కనుంచి మాట్లాడినవి కూడా కోయకుండా పంపు." బిడ్డ పుట్టినరోజు వీడియోలో కేకు కోస్తుంటే కెమెరా వెనక నుంచి "ఒరేయ్, కత్తి జాగ్రత్త" అన్న మాట ఉంటుంది. కనిపించడం లేదు కదా అని ఆ క్లిప్పును ఎవరూ పంపరు. ఎడిటర్ చేతికొస్తే, ఆ గొంతును ఆయన స్టీరింగు ముందు కూర్చున్న పాత ఫోటో మీద వినిపించగలడు.