రెండు గోళాల మధ్య మెడ

తామరాకును కాస్త వంచితే రెండు నీటి బొట్లు దగ్గరికి జారతాయి. తాకీ తాకగానే మధ్యలో సన్నటి మెడ పుట్టి, రెండూ ఒకటైపోతాయి. కంప్యూటర్ తెర మీద ఈ దృశ్యాన్ని త్రిభుజాల అల్లికతో చూపాలంటే, బొట్లు కలిసే ప్రతి క్షణం ఆ అల్లికను విప్పి మళ్లీ అల్లాలి. దూరాన్ని చెప్పే సూత్రంతో గీస్తే ఆ అల్లికే అక్కర్లేదు.

గోళాన్నే తీసుకుందాం. ఒక బిందువు నుంచి గోళం కేంద్రానికి ఉన్న దూరంలోంచి వ్యాసార్థాన్ని తీసేస్తే, ఉపరితలం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. బిందువు బయట ఉంటే ధన సంఖ్య, లోపల ఉంటే రుణ సంఖ్య, ఉపరితలం మీదే ఉంటే సున్నా వస్తుంది.

ఫ్రాగ్మెంట్ షేడర్ అనే చిన్న ప్రోగ్రాం ఒక్కో పిక్సెల్‌కు విడిగా నడుస్తూ, కెమెరా నుంచి ఒక కిరణాన్ని పంపుతుంది. ఆ కిరణం ఆగిన చోటల్లా సూత్రాన్ని అడుగుతుంది: దగ్గరి ఉపరితలం ఎంత దూరం? జవాబు 4 అయితే 4 యూనిట్లు నిశ్చింతగా ముందుకు వెయ్యొచ్చు, ఆ లోపల అడ్డేమీ లేదు కాబట్టి. జవాబు దాదాపు సున్నా అయితే గమ్యం చేరినట్టే. జాన్ హార్ట్ 1996లో ఈ పద్ధతిని స్ఫియర్ ట్రేసింగ్ పేరుతో వివరించారు.

ఇక కలపడం. రెండు దూరాల్లో చిన్నదాన్ని తీసుకుంటే రెండు గోళాలూ కనిపిస్తాయి కానీ, అవి కలిసే చోట పదునైన గీత పడుతుంది. ఇనిగో కీలెజ్ రచనల ద్వారా బాగా ప్రచారంలోకి వచ్చిన ఈ చిన్న ఫంక్షన్ ఆ గీతను నున్నగా చేస్తుంది:

```
float smin(float a, float b, float k) {
  float h = max(k - abs(a-b), 0.0) / k;
  return min(a,b) - h*h*k*0.25;
}
```

వ్యాసార్థం 1 ఉన్న రెండు గోళాల మధ్య 0.2 ఖాళీ ఉందనుకుందాం. ఆ ఖాళీకి నడిమధ్యన `a`, `b` రెండూ 0.1. `k` 0.4 అయితే తీసివేసేది 0.1, ఫలితం సున్నా, అంటే గోళాలు అప్పుడే ముట్టుకున్నాయి. `k` 0.5 చేస్తే ఫలితం -0.025. ఖాళీగా ఉన్న చోటే ఇప్పుడు లోపలి భాగమైంది, మెడ పుట్టింది. రెండు దూరాల తేడా `k` దాటిన చోట మాత్రం `h` సున్నా అవుతుంది కాబట్టి గోళాల వెనక భాగాలు చెక్కుచెదరవు.

చిక్కంతా అంచుల దగ్గరే. గోళాన్ని 0.05 దూరంలో రాసుకుంటూ పోయే కిరణం వేసే అడుగులు చూడండి: 4.11, 0.38, 0.17, 0.11. ఎదురుగా వెళ్లే కిరణం ఒక్క అడుగులో చేరేచోట, ఇది తడుముకుంటూ నడుస్తుంది. అడుగులకు పెట్టిన పరిమితి ఈలోగా అయిపోతే, వస్తువు చుట్టూ వెనకటి దృశ్యం కనిపించాల్సిన చోట మసక అంచు మిగులుతుంది.

వస్తువును మెలితిప్పితే ఇబ్బంది మరో రకం. సూత్రం అసలు దూరం కన్నా ఎక్కువ చెబితే కిరణం ఉపరితలాన్ని దాటేసి, బొమ్మలో చిల్లులు పడతాయి. చెప్పిన దూరంలో సగమే నడిస్తే చాలాసార్లు చిల్లులు పూడుతాయి, కానీ అడుగుల సంఖ్య పెరుగుతుంది. ఆ భారం ఎక్కడ పడుతోందో చూడాలంటే అడుగుల లెక్కనే రంగుగా వేయాలి: ఎదురుగా ఉన్న భాగం నల్లగా, గోళాల అంచులూ మెడ వంపులూ తెల్లగా వెలుగుతూ కనిపిస్తాయి.