మైక్రోవేవ్‌లోకి ఏ గిన్నె, ఎలా?

రాత్రి మిగిలిన గోంగూర మటన్‌ను పార్సిల్ డబ్బాతోనే మైక్రోవేవ్‌లో పెట్టి తీశాక, డబ్బా లోపలి అంచును ఒకసారి వేలితో తడిమి చూడండి. నూనె తేలిన చోట చుట్టూతా గరుకు గీత కనిపిస్తుంది. ఎంత తోమినా ఆ ఎర్రమరక పోదు. నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతాయి. నూనె మాత్రం అక్కడ ఆగదు, ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది, అందులోని రసాయనాలు కొన్ని కూరలోకి దిగుతాయి. వేడి, నూనె ఎక్కువైనకొద్దీ ఇదీ ఎక్కువవుతుంది.

డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె అది ఏ ప్లాస్టికో చెబుతుంది. 1, 6 అంకెలవి వేడికి తొందరగా వంగిపోతాయి. 5 అంటే పాలీప్రొపిలీన్, కాస్త గట్టిది. అయినా అంకె ఒక్కటే చాలదు, ‘మైక్రోవేవ్ సేఫ్’ అన్న గుర్తు కూడా ఉండాలి. ఆ గుర్తున్నా నూనె కూరలకు గాజు గిన్నే మేలు. పింగాణీలా కనిపించే మెలమైన్ పళ్లేలు అసలు వద్దు. అవి తామే వేడెక్కిపోతాయి.

పింగాణీ పాత్ర మీద అనుమానముంటే దాన్ని ఖాళీగా పెట్టి, పక్కనే గాజు కప్పులో నీళ్లుంచి ఒక నిమిషం తిప్పండి. నీళ్లు వేడెక్కి పాత్ర చల్లగా ఉంటే వాడుకోవచ్చు. నీళ్ల కంటే పాత్రే వేడెక్కితే పక్కన పెట్టేయండి. బంగారు అంచు ఉన్నవాటికి ఈ పరీక్ష కూడా చేయకూడదు.

ఎందుకంటే లోహం మైక్రోవేవ్ తరంగాలను వెనక్కి కొడుతుంది. స్టీలు గిన్నెలో కూరకు పక్కల నుంచి తరంగాలు అందవు. ఇక ఫోర్కు మొనలు, నలిగిన ఫాయిల్, సన్నటి బంగారు గీత లాంటి చోట్ల విద్యుత్తు పోగై నిప్పురవ్వలు లేస్తాయి.

గిన్నె సరైనదైనా, కూర అంచుల్లో కుతకుతలాడుతూ మధ్యలో చల్లగా ఉండొచ్చు. తరంగాలు ఆహారంలోకి రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే బలంగా వెళ్తాయి. లోపలికి వేడి పాకడానికి సమయం పడుతుంది. అందుకే కూరను వెడల్పాటి గాజు గిన్నెలో పలచగా పరిచి, పెద్ద ముక్కలను అంచుల వైపు జరపండి. ఆవిరి పోయేలా మూతను కాస్త వదులుగా పెట్టండి. నిమిషంన్నర తిప్పి, అడుగు నుంచి కలిపి, మళ్లీ అంతే సేపు పెట్టండి. తీశాక రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే వేడి లోపలికి సర్దుకుంటుంది.

చివరగా అన్నిటికంటే మందమైన ముక్కను విరిచి చూడండి. దాని మధ్య నుంచి పొగలు రావాలి. వంటింటి థర్మామీటర్ ఉంటే అక్కడ 74 డిగ్రీలు చూపాలి. అంతకు తగ్గితే మాంసంలోని సూక్ష్మక్రిములు బతికే ఉండొచ్చు, మరోసారి కలిపి తిప్పాల్సిందే.