హంసధ్వనికి తల్లి ఎవరు?

హంసధ్వని ఏ మేళంలో పుట్టిందని అడగండి. సంగీతం నేర్చుకుంటున్నవాళ్లెవరైనా తడుముకోకుండా 29వ మేళం, ధీరశంకరాభరణం అంటారు. ఎలా తెలిసిందని అడిగితే మాత్రం గదిలో తంబురా ఒక్కటే వినబడుతుంది. చాలా ఏళ్లు నేనూ అలాగే ఊరుకున్నాను. ఒకరోజు కాగితం మీద లెక్క వేసి చూశాను. హంసధ్వనికి తల్లి కాగలిగిన మేళాలు ఒకటి కాదు, ఆరు తేలాయి.

ఆ లెక్క ఇది. షడ్జమం, పంచమం కదలవు. మధ్యమాలు రెండు. రిషభ గాంధారాలు జంటగా ఆరు రకాలు, ధైవత నిషాదాలు కూడా జంటగా ఆరు రకాలు. ఆరార్ల ముప్పై ఆరు, దానికి రెండు మధ్యమాలు కలిస్తే 72. ఒకే రి-గ జంట ఉన్న ఆరు మేళాలు ఒక చక్రం. చక్రం లోపల మారేది ధ-ని జంట మాత్రమే. అందుకే అంకె చెబితే స్వరాలు చెప్పేయవచ్చు. 29లో నాలుగు చక్రాల 24 తీసేస్తే 5 మిగులుతుంది. అంటే ఇది అయిదో చక్రంలో అయిదోది. అయిదో చక్రానికి చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం. అయిదో స్థానానికి చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. అంకె 36 దాటలేదు కనుక శుద్ధ మధ్యమం. పేరులోనే అంకె కూడా ఉంది. కటపయాది లెక్కలో ‘ధ’ తొమ్మిది, ‘ర’ రెండు. తిరగేస్తే 29.

ఇక హంసధ్వని. స రి గ ప ని, అంతే. చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం ఉన్నాయి కనుక చక్రం తేలిపోయింది. మధ్యమం లేదు కనుక అది శుద్ధమా, ప్రతి మధ్యమమా అన్నది తేలదు. అందుచేత అటు 25 నుంచి 30 దాకా, ఇటు 61 నుంచి 66 దాకా రెండు చక్రాలూ పోటీలో ఉంటాయి. నిషాదం కాకలి. కాకలి నిషాదం పక్కన శుద్ధ, చతుశ్రుతి, షట్శ్రుతి ధైవతాలు మూడూ ఇముడుతాయి. హంసధ్వనిలో ధైవతమూ లేదు. మూడు రెళ్లు ఆరు. సరసాంగి, ధీరశంకరాభరణం, నాగానందిని, లతాంగి, మేచకల్యాణి, చిత్రాంబరి. ఈ ఆరింటిలో దేని కింద పెట్టినా స్వరాలకు తప్పు పట్టలేం.

అంకెల్లో మొదటగా వచ్చే మేళాన్నే తల్లి అనుకోవాలని కొందరు సులువు సూత్రం చెబుతారు. దాని ప్రకారం హంసధ్వని 27వ మేళం సరసాంగి బిడ్డ కావాలి. ఎవరూ అలా చెప్పరు. ప-ని-స అనే చోట శుద్ధ ధైవతాన్ని తాకించి పాడి చూడండి, చెవి వెంటనే అది హంసధ్వని కాదంటుంది. కాబట్టి ఇక్కడ లెక్క పని ఆరు పేర్లు మిగల్చడంతోనే అయిపోయింది. ఆ ఆరింటిలో ఒకదాన్ని ఎంచింది చెవి, సంప్రదాయం. నిజానికి హంసధ్వని పాడేవాళ్లకు ఈ ఎంపికతో పెద్ద పని లేదు. తల్లి ఎవరైనా ఆ రెండు స్వరాలూ పాడేది లేదు కదా.

ఎంపిక గొంతులో తెలిసే చోటు ఇంకొకటి ఉంది. అది హిందోళం. స గ మ ధ ని; సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. రిషభ పంచమాలు లేవు. పంచమం అన్ని మేళాల్లోనూ ఒకటే కనుక తేలనిది రిషభం ఒక్కటే. అది శుద్ధమైతే 8వ మేళం హనుమతోడి, చతుశ్రుతి అయితే 20వ మేళం నఠభైరవి. పుస్తకాల్లో రెండూ కనబడతాయి, ఎక్కువగా కనబడేది నఠభైరవి. చిన్న అంకె సూత్రం ఇక్కడా నిలవలేదన్నమాట.

నేను విద్యార్థులకు చెప్పే పరీక్ష ఒకటుంది. తోడి గాంధారాన్ని ముందు పాడండి. అది రిషభం వైపు దిగుతూ లేస్తూ పెద్దగా ఊగుతుంది. అదే ఊపుతో హిందోళంలో స-గ-మ అనండి. సరిగా పడదు. హిందోళం గాంధారం చూపు మధ్యమం వైపు ఉంటుంది. స్వరస్థానం ఒకటే, కీబోర్డు మీద నొక్కే మెట్టూ ఒకటే, గమకం వేరు. తోడి జన్యమని మాత్రమే బట్టీపట్టిన పిల్లలు కొందరు తెలియకుండానే తోడి ఊపు తెచ్చి హిందోళాన్ని బరువెక్కిస్తారు. పట్టికలో మేళం పేరు గమకం గురించి ఏమీ చెప్పదు. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ పొరపాటు రాదు.

భైరవిలో చిక్కు ఇందుకు తలకిందులుగా ఉంటుంది. అక్కడ స్వరాలు తక్కువ కావు, ఒకటి ఎక్కువ. పైకి వెళ్లేటప్పుడు ప-ధ-ని-స అని చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం. ఆరోహణ మాత్రమే చూసినవాళ్లు 22వ మేళం ఖరహరప్రియ అనుకోవచ్చు. శాస్త్రం 20లో పెట్టి, చతుశ్రుతి ధైవతాన్ని అన్యస్వరం అంది. అన్యస్వరం ఉన్న రాగాన్ని భాషాంగమంటారు. ఈ తీర్పుకు ఆధారం ఎక్కడుందో ఆలాపన వింటే తెలుస్తుంది. చతుశ్రుతి ధైవతం పైకి పోయే దారిలోనే కనబడి పోతుంది. రాగం బరువంతా దిగే దారిలోని శుద్ధ ధైవతం మీద ఉంది.

ఇంత ఇబ్బంది ఎందుకు వచ్చిందంటే, ‘జనకం’ అన్న మాటను మనం పుట్టుక అనే అర్థంలో తీసుకుంటాం. చరిత్రలో చాలా రాగాల విషయంలో జరిగింది అందుకు వ్యతిరేకం. 17వ శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’లో 72 మేళాల లెక్క వేసినప్పుడు, వాడుకలో ఉన్నవిగా ఆయన చూపినవి 19 మాత్రమే. మిగిలినవి రాగాలు వస్తే కూర్చోవడానికి వేసి ఉంచిన పీటలు. అప్పుడు మేళానికి పేరు కూడా వాడుకలో ఉన్న రాగం నుంచే వచ్చేది. ఇప్పుడు మనం ఖరహరప్రియ అంటున్న 22వ మేళం అప్పట్లో శ్రీరాగ మేళం.

తర్వాత గోవిందాచార్యుల ‘సంగ్రహ చూడామణి’ పద్ధతిలో ప్రతి మేళానికీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఏడు స్వరాలూ వరసగా ఉండి తీరాలన్న నియమం వచ్చింది. శ్రీరాగం ఆరోహణలో గాంధార ధైవతాలు లేవు, అవరోహణ వక్రం. అది ఆ నియమానికి నిలవదు. దాంతో మేళం పీట ఖరహరప్రియకు వెళ్లింది, శ్రీరాగం దాని జన్యమైంది. తల్లి కంటే బిడ్డ పెద్దదన్నమాట. త్యాగరాజస్వామి ఈ రెండో దారిలో ఖరహరప్రియలో ఎన్నో కృతులు చేశారు. ముత్తుస్వామి దీక్షితులు పాత దారి. 1904లో సుబ్బరామ దీక్షితులు తెలుగులో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెరిస్తే 22వ మేళం దగ్గర ఇప్పటికీ శ్రీరాగమే కనబడుతుంది. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివే విద్యార్థి, ముందు అది ఏ పద్ధతి పుస్తకమో చూసుకోవాలి.

పీట అలాగే ఉండి రాగమే లేచి వెళ్లిన సందర్భమూ ఉంది. ఆభేరి. ఆరోహణ స గ మ ప ని స, అవరోహణ ఏడు స్వరాలు. ధైవతం దిగేటప్పుడు మాత్రమే వస్తుంది. దీక్షితుల సంప్రదాయంలో అది శుద్ధ ధైవతం, రాగం 20వ మేళానిది. ఈనాటి కచేరీల్లో వినబడేది చతుశ్రుతి ధైవతం, దాంతో రాగం 22కు చేరింది. ని-ధ-ప అని దిగే ఆ ఒక్క మెట్టు అర స్వరం పైకి జరిగింది, అంతే. పాత పాఠం ఉన్న గురువుల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ దాన్ని శుద్ధ ధైవతంతోనే పాడుతుంటారు. ఒకే సభలో ఒకే పేరుతో రెండు మేళాల ఆభేరి వినే అవకాశం మనకు ఇంకా ఉంది.