బొమ్మలో హాలు, మన ఇంట్లో హాలు

పోయిన వేసవిలో మా అక్క ఫోనుకు టైల్స్ షోరూం వాళ్లు ఒక బొమ్మ పంపారు. పెద్ద హాలు. తెల్లటి నేల మీద సన్నని బూడిదరంగు చారలు ఈ చివర నుంచి ఆ చివరి దాకా నదిపాయల్లా సాగుతున్నాయి. కిటికీలోంచి వచ్చిన వెలుగు ఆ నేల మీద మీగడ పరిచినట్టు మెత్తగా పరుచుకుంది. ఎంత వెతికినా టైల్‌కీ టైల్‌కీ మధ్య గీత కనిపించదు. "ఇదే వేయిద్దాంరా, ఇంకేం చూడక్కర్లేదు" అంది అక్క.

ఆ బొమ్మ ఎవరింట్లోనూ తీసిన ఫొటో కాదు. కంప్యూటర్‌లో ఒక గది కట్టి, దాని నేలకూ గోడలకూ టైల్ డిజైన్ అతికించి తయారుచేస్తారు. షోరూంల్లో దాన్ని ప్రివ్యూ అంటారు. రంగు ఎలా ఉంటుందో, గోడకూ నేలకూ కలుస్తుందో లేదో చూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. కానీ డిజైన్ ఎంత పెద్దగా కనిపిస్తుంది, సందులు ఎలా ఉంటాయి, మెరుపు ఎలా పడుతుంది అనే మూడు సంగతుల్లో దాన్ని నమ్ముకుంటే తర్వాత బాధపడాలి. ఈ మూడింటినీ డబ్బు కట్టకముందే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అక్కా నేనూ చేసింది అదే.

ముందు ఆ గది ఎంతదో లెక్కపెట్టాం. టైల్ సైజు బొమ్మ కిందే రాసి ఉంది: 600 బై 1200 మిల్లీమీటర్లు. వాడుకలో రెండు బై నాలుగు అంటాం. ఫోన్‌లో బొమ్మను బాగా పెద్దది చేస్తే గీతలు వెంట్రుకవాసిగా కనిపించాయి. గుమ్మం నుంచి కిటికీ దాకా లెక్కపెడితే పొడవునా తొమ్మిది టైల్స్ వచ్చాయి. అంటే బొమ్మలోని హాలు పొడవు సుమారు 35 అడుగులు. మా అక్క హాలు 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. మనం మురిసిపోయిన గదిలో సగం కూడా లేదు. చారలు నదుల్లా సాగడానికి అక్కడ చోటుంది. ఇక్కడ నాలుగో టైల్ దగ్గరే గోడ వచ్చేస్తుంది.

చోటు తగ్గితే డిజైన్ తీరే మారిపోతుంది. దూరంగా నిలబడి చూసే గదిలో పెద్ద చార కూడా సన్నగా, నెమ్మదిగా కనిపిస్తుంది. చిన్న హాలులో ఆ చార ఎప్పుడూ మన కాళ్ల దగ్గరే ఉంటుంది. సగం నేలను సోఫా, టీపాయ్ కప్పేస్తాయి. మిగిలిన చోట చార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియక, ముక్కలు ముక్కలుగా గీసిన గీతలా ఉంటుంది. చిన్న గదికి పెద్ద టైల్ పనికిరాదని నేననను. సందులు తగ్గుతాయి కాబట్టి పెద్ద టైలే గదిని విశాలంగా చూపిస్తుంది. చూసుకోవాల్సింది దాని మీద అచ్చయిన చార పొడవు, మందం.

ఇంకో సంగతి. ఈ టైల్స్ మీది పాలరాతి చారలు యంత్రంతో అచ్చువేసినవే. ఒక డిజైన్‌లో ఇన్ని రకాల ముఖాలని ఉంటాయి. వాటిని ఫేస్‌లు, ర్యాండమ్‌లు అంటారు. మేం చూసిన డిజైన్‌లో నాలుగే. హాలుకు పాతిక, ముప్పై టైల్స్ పడితే ఒక్కో ముఖం ఆరేడుసార్లు తిరిగి వస్తుంది. పక్కపక్కన ఒకే చార రెండుసార్లు కనిపిస్తే అది రాయి కాదని కన్ను ఇట్టే పట్టేస్తుంది. అందుకే ముఖాలెన్నో షోరూంలో అడగాలి, అన్నింటినీ నేల మీద పరిపించి చూడాలి. పని రోజున కూడా మేస్త్రీ గమ్ము కలపకముందే బాక్సులన్నీ విప్పించి, టైల్స్ ఉత్తినే పరిచి, ఒకే ముఖం పక్కపక్కన పడకుండా మార్పించాలి. కొన్నింటిని తలకిందులుగా తిప్పితే అదే ముఖం వేరేగా కనిపిస్తుంది. గంటలో అయిపోయే పని.

అక్క హాలు అప్పటికి ఇంకా కాంక్రీటు నేలే. నేనో సుద్దముక్క తీసుకుని టైల్ కొలతలతో గీతలు గీశాను. అసలు చిక్కు అక్కడ బయటపడింది. "పదహారు అడుగులకు నాలుగడుగుల టైల్స్ నాలుగు. లెక్క సరిగ్గా కుదిరింది" అంటున్నాడు బావ. కానీ 1200 మిల్లీమీటర్లంటే నాలుగడుగులు కాదు, ముప్పాతిక అంగుళం తక్కువ. పూత అయ్యాక గోడ నుంచి గోడకు కొలిస్తే 4877 మిల్లీమీటర్లు వచ్చింది. నాలుగు టైల్స్, వాటి సందులు, గోడల పక్కన స్కర్టింగ్ కింద సెంటీమీటరు చొప్పున వదిలే ఖాళీ అన్నీ పోగా, చివర 5 సెంటీమీటర్ల చీలిక మిగులుతుంది. గోడ పొడవునా రెండంగుళాల ముక్కల వరస! అంత సన్నటి ముక్కను కోస్తుంటేనే విరుగుతుంది. అతికించాక కూడా గోడ ఎక్కడ వంకరగా ఉందో వేలుపెట్టి చూపిస్తుంది. ప్రివ్యూలో ఈ ముక్క ఎన్నటికీ కనిపించదు, ఎందుకంటే ఆ గదిని టైల్‌కు సరిపోయేట్టే గీస్తారు.

దీనికి మందు ఉంది. నాలుగు నిండు టైల్స్ బదులు మధ్యలో మూడే వేసి, మిగిలిన చోటును రెండు చివర్లకూ సమానంగా పంచాలి. అప్పుడు అటూ ఇటూ దాదాపు 62 సెంటీమీటర్ల ముక్కలు వస్తాయి. సగం టైల్ కంటే కాస్త పెద్దవి. గుమ్మంలో నిలబడి చూస్తే నేల రెండువైపులా ఒకేలా ఉంటుంది. వెడల్పులో ఆ బెడద లేదు. అయిదు నిండు వరసల తర్వాత అడుగుకు పైగా వెడల్పున్న ముక్క పడుతుంది, అది దివాన్ వైపు గోడ కిందికి పోయింది. దీనికి ఖర్చు లేదని చెప్పను. చీలిక పద్ధతిలో 25 టైల్స్, అంటే రెండేసి టైల్స్ ఉండే బాక్సులు 13 చాలు. పంచిన పద్ధతిలో వరసకు అయిదు చొప్పున ఆరు వరసలకు 30 టైల్స్, 15 బాక్సులు. విరిగేవాటి లెక్క వేరే. రెండు బాక్సులు ఎక్కువైనా సరేనంది అక్క. నా లెక్కలో అది సరైన ఖర్చే.

బాత్రూం గోడకైతే ఈ సర్దుబాటు ఖర్చు లేకుండానే కుదిరింది. అయిదడుగుల గోడ, ఒక బై రెండు టైల్, అడ్డంగా. మూల నుంచి మొదలుపెడితే రెండు నిండు టైల్స్, చివర అడుగు ముక్క. మధ్యలో ఒక నిండు టైల్ పెట్టి మొదలుపెడితే అటూ ఇటూ అడుగున్నర ముక్కలు. ఎలా వేసినా వరసకు మూడు టైల్సే. అందం మాత్రం రెండోదానిదే.

ఇక సందుల సంగతి. బొమ్మలో గీతలు లేవు కాబట్టి మనకూ వద్దంది అక్క. మేస్త్రీ ఒప్పుకోలేదు. "సందు లేకుండా బిగించేస్తే ఓ ఎండాకాలం టైల్ పైకి లేస్తుందమ్మా" అన్నాడు. ఆయన మాటే నిజం. బట్టీలో కాలినప్పుడు టైల్ కుంచించుకుంటుంది. తర్వాత అంచులు కోసి సరిచేసినా అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా రావు. సందు ఉంటే ఆ తేడా అందులో కలిసిపోతుంది. లేకపోతే ఒక్కో వరసలో కూడుకుంటూ పోయి, గది చివరికొచ్చేసరికి గీతలు ఒకదానికొకటి తప్పుతాయి. దానికి తోడు నేల వేడికి కాస్త సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. కదలడానికి చోటు లేని టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని గుడారంలా లేస్తాయి. అంచులు సరిచేసిన టైల్‌కు 2 మిల్లీమీటర్ల స్పేసర్ చాలు. అంతకు తగ్గమని మేస్త్రీని బలవంతపెట్టకండి.

సందు తప్పనిసరైనప్పుడు మన చేతిలో ఉండేది దాని రంగు. టైల్ రంగుకు దగ్గరి గ్రౌట్ వేస్తే గీతలు అణగి, డిజైన్ ముందుకొస్తుంది. ముదురు రంగు వేస్తే నేలంతా గళ్ల దుప్పటిలా కనిపిస్తుంది. చారలున్న టైల్‌కు ఆ గళ్లు పనికిరావు, రెండూ పోట్లాడతాయి. అలాగని తెల్ల టైల్‌కు తెల్ల సిమెంటు రాయించకండి. రోజూ తుడిచే నీళ్లలోని మురికి ఆ సందుల్లోనే ఆగుతుంది, కొన్ని నెలలకే గీతలు మట్టిరంగుకు తిరుగుతాయి. గీత చివరికి ఏ రంగుకు వస్తుందో ముందే ఆ రంగు వేసుకోవడం మేలు. మేం చారలోని లేత బూడిదరంగు తీసుకున్నాం. రెండు పగిలిన ముక్కల మధ్య కాస్త గ్రౌట్ నింపి, ఒకరోజు ఆరనిచ్చి చూశాకే ఖాయం చేశాం, ఎందుకంటే సిమెంటు గ్రౌట్ తడిగా ఉన్నప్పుడు ముదురుగా ఉండి ఆరాక లేతబడుతుంది. బాత్రూంలో మాత్రం ఎపాక్సీ వేయించాం. అది నీరు పీల్చదు. అయితే గట్టిపడేలోపే టైల్ మీది మరకలు తుడవాలి, ఆలస్యమైతే ఆ జిడ్డు పొర వదలదు.

చివరిది మెరుపు, అక్క మనసు దోచిన ఆ మీగడ వెలుగు. నున్నగా పాలిష్ చేసిన టైల్‌లో బల్బు బల్బులాగే కనిపిస్తుంది, అద్దంలోలా. శాటిన్ టైల్‌లో అదే బల్బు అంచులు చెదిరి మెత్తటి వెలుగు మచ్చవుతుంది. మ్యాట్‌లో ఆకారమే పోయి, నేల కాస్త వెలిగినట్టు ఉంటుంది. బొమ్మలో ఉన్నది శాటిన్ వెలుగు. షోరూం వాళ్లు చూపించింది పాలిష్ టైల్. డిజైన్ ఒకటే, పైపూత వేరు. ఇది తెలుసుకోవడానికి ఫోన్ టార్చి వెలిగించి టైల్‌లో దాని ప్రతిబింబం చూస్తే చాలు.

షోరూంలో టైల్‌ను నిలబెట్టి ఎదురుగా చూపిస్తారు. ఇంట్లో అది నేల మీద పడుకుని ఉంటుంది, మనం దూరం నుంచి ఏటవాలుగా చూస్తాం. చూపు ఎంత ఏటవాలుగా పడితే ఏ ఉపరితలమైనా అంత ఎక్కువ మెరుస్తుంది. ఎదురుగా చూస్తే మెరుపే లేని టైల్ కూడా గుమ్మం వెలుగుకు ఎదురుగా పదడుగుల దూరం నుంచి చూస్తే తళుక్కుమంటుంది. అందుకే రెండు పూతల్లో ఒక్కో టైల్ అడిగి తెచ్చి, సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీ ముందు నేల మీద పెట్టాం. పాలిష్ టైల్‌లో కిటికీ ఊచలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. దాని మీద బావ తడికాలి ముద్ర, దుమ్ము కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి. శాటిన్ టైల్ మీద కిటికీ తెల్లటి మసకగా పరుచుకుంది. అక్క ఇంకో మాట లేకుండా శాటిన్ తీసుకుంది.

మెరిసే నేల పనితనాన్ని కూడా బయటపెడుతుంది. పక్క టైల్ కంటే ఒక అంచు కాస్త పైకి ఉన్నా, కిటికీ ప్రతిబింబం ఆ సందు దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. గోడను రాసుకుంటూ పైనుంచి పడే ఎల్‌ఈడీ పట్టీ కింద అయితే ప్రతి అంచుకూ ఒక నీడ పడుతుంది. గమ్ము పచ్చిగా ఉండగానే టార్చిని నేలకు ఆనించి, వెలుగు నేలను రాసుకుంటూ పోయేలా పట్టి చూడండి. పైకి లేచిన అంచు ముందు సన్నని వెలుగు గీత, వెనక నీడ పడతాయి. అప్పటికప్పుడు ఒత్తితే సరిపోతుంది, తెల్లారితే పగలగొట్టాల్సిందే.

మీకూ అలాంటి బొమ్మ వస్తే ముందు అందులో టైల్స్ లెక్కపెట్టండి. తర్వాత మీ గదిని పూత అయ్యాక మిల్లీమీటర్లలో కొలిచి, సుద్దతో గీసి చూసుకోండి. అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్క టైల్ ఇంటికి ఇమ్మని అడగండి.