బోణీ బేరం చెప్పే బటన్

పొద్దున్నే కూరగాయల బండి దగ్గర నిలబడే అలవాటున్నవాళ్లకి బోణీ మాట బలం తెలుసు. "బోణీ బేరం తల్లీ, కాదనకు" అంటూ బండాయన రెండు రూపాయలు తగ్గిస్తాడు, కొసరుగా నాలుగు రెబ్బల కరివేపాకు సంచిలో పడేస్తాడు. ఆన్‌లైన్ కిరాణా దుకాణం ఇచ్చే 'మొదటి ఆర్డర్ ఆఫర్' కూడా అలాంటిదే. బండాయనకి రోజుకి ఒకటే బోణీ, దుకాణానికి మాత్రం కొత్తగా వచ్చిన ప్రతి మనిషీ బోణీయే. బండాయన నోటితో, నవ్వుతో చెప్పే మాటను ఇక్కడ ఫోన్ తెర మీద రెండు చిన్న చోట్ల ఇరికించాలి. ఒకటి పైన పరిచిన బ్యానర్, రెండోది దాని కింది బటన్. చూసినవాళ్లను ఫలానా పని చేయమని పిలిచే ఆ నాలుగు మాటలను ఈ రంగంలో 'కాల్ టు యాక్షన్' అంటారు. పొట్టిగా సీటీఏ.

ఆ నాలుగు మాటలు ఎక్కడ బెడిసికొడతాయో మా పిన్ని ఫోన్‌లో చూశాను. దుకాణం పేరు అనవసరం. బ్యానర్ మీద పెద్దక్షరాల్లో 'మీ మొదటి ఆర్డర్‌పై ఫ్లాట్ ₹100 తగ్గింపు!' అని ఉంది. కింద 'ఇప్పుడే పొందండి' అని బటన్. నొక్కింది. ఫోన్ నంబర్ అడిగింది, ఓటీపీ అడిగింది, ఆ తర్వాత మామూలు మొదటి పేజీ తెరుచుకుంది. అక్కడ వంద రూపాయల ఊసే లేదు. సరే అనుకుని కందిపప్పు, నూనె ప్యాకెట్, ఇడ్లీ రవ్వ, కాసిని కూరగాయలు బుట్టలో వేసింది. 412 రూపాయలైంది. బిల్లు దగ్గర 'కూపన్ వర్తించదు' అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

"ఏరా, వంద తగ్గిస్తామన్నారుగా?"

వెనక్కి వెళ్లి బ్యానర్‌ని వేళ్లతో పెద్దది చేసి చూస్తే, మూలన చుక్క గుర్తు పక్కన సన్నటి అక్షరాల్లో '₹499 పైబడిన ఆర్డర్లకు మాత్రమే' అని ఉంది. "ఇంతోటి దానికి మన వీధి చివరి కొట్టు లేదా ఏంటి" అని ఫోన్ పక్కన పెట్టేసింది.

పిన్నిని పోగొట్టింది 499 షరతు కాదు. లెక్క వేసి చూడండి. 412 రూపాయల సరుకుకి తగ్గింపు లేదు కాబట్టి 412 కట్టాలి. ఇంకో 88 రూపాయల సరుకు వేస్తే 500 అవుతుంది, వంద పోతే 400 కట్టాలి. డెలివరీ 30 రూపాయలు రెండింటికీ ఒకటే. అంటే అదనంగా 88 రూపాయల సరుకు తీసుకున్నా బిల్లు 12 రూపాయలు తక్కువే. ఇంత మంచి బేరం చేతిలో పెట్టుకుని కూడా ఆ తెర పిన్నికి ఎర్రక్షరాలతో 'వర్తించదు' అని మాత్రమే చెప్పింది. బండాయనైతే ఒక్క నిమిషంలో చెప్పి ఉండేవాడు.

కాబట్టి మొదట సరిచేయాల్సింది బ్యానర్. షరతుని మూలన దాచకుండా మాటలోనే కలిపేయాలి. 'మొదటి ఆర్డర్‌కి ₹100 తగ్గింపు. ₹499 లేదా అంతకు మించి కొంటే చాలు.' ఇందులో 'లేదా అంతకు మించి' అన్నది కావాలనే పెట్టిన మాట. 'పైబడిన' అంటే సరిగ్గా 499 అయితే వస్తుందా రాదా అన్న అనుమానం మిగిలిపోతుంది. ఇంకొందరు '20 శాతం తగ్గింపు, గరిష్ఠంగా ₹100' అని రాస్తారు. 500 బిల్లుకి అది వందే. 800 బిల్లుకి కూడా వందే, అప్పుడది పన్నెండున్నర శాతం అవుతుంది. ఒక చేత్తో బుట్ట నింపుకుంటూ ఈ లెక్క ఎవరు వేస్తారు? వంద రూపాయల లోపు ధరకి శాతం పెద్దదిగా కనిపిస్తుంది, వంద దాటితే రూపాయలే పెద్దగా కనిపిస్తాయి అని అమెరికాలో మార్కెటింగ్ ఆచార్యుడు జోనా బెర్గర్ ఒక సులువు సూత్రం చెప్పాడు. ఆయన చెప్పింది డాలర్ల గురించే అయినా, ఐదువందల కిరాణా బిల్లుకి ఇక్కడా రూపాయల్లో చెప్పడమే మేలు.

ఇక బటన్. దానికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే: నొక్కగానే వచ్చే తెర, బటన్ చెప్పిన మాటకి జవాబుగా ఉందా? 'పొందండి' అన్న బటన్ నొక్కితే పిన్ని పొందింది ఓటీపీ. అసలు 'పొందండి' అన్న మాట మనిళ్లలో ఎవరూ అనరు. ఇంగ్లీషులో రాసుకున్న బటన్‌ని నిఘంటువు పక్కన పెట్టుకుని దించితే వచ్చే తెలుగది. 'క్లెయిమ్ చేయండి' అయితే ఇన్సూరెన్స్ ఆఫీసు గుర్తొస్తుంది. 'ఇప్పుడే కొనండి' మరీ తొందరపాటు. బుట్టలో ఉప్పు ప్యాకెట్ కూడా పడని మనిషిని కొనమంటే ఏం కొనాలి? నొక్కితే సరుకుల జాబితా వస్తుందంటే 'సరుకులు చూడండి' అనాలి. జాబితాలో 'బుట్టలో వేయండి'. చివర డబ్బు కట్టేచోట 'ఆర్డర్ పెట్టండి'. ఆర్డర్ పెట్టాను అనే కదా మనం అనుకునేది. ఆ చివరి బటన్ మీద కట్టాల్సిన మొత్తం కూడా రాస్తే ఇంకా మంచిది: '₹430 కట్టి ఆర్డర్ పెట్టండి'.

ఫోన్ నంబర్ ముందే అడగడానికి దుకాణానికి ఒక కారణముంది. ఎవరు కొత్తవాళ్లో నంబర్ చూసే తేల్చుకుంటుంది. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు నంబర్లతో నాలుగు 'మొదటి' ఆర్డర్లు పెడితే నష్టం దానిదే. అయినా బుట్ట నిండాక అడిగితే, పెట్టిన శ్రమని వదులుకోలేక నంబర్ ఇచ్చేవాళ్లే ఎక్కువ ఉంటారని నా నమ్మకం. ముందే అడగాల్సింది పిన్‌కోడ్. చుట్టూ కొన్ని కిలోమీటర్లే తిరిగే దుకాణం, ఊరవతల ఉన్నవాళ్లకి వంద రూపాయల ఆశ చూపించి, బుట్ట నిండాక 'మీ ప్రాంతానికి రాము' అంటే ఆ కోపం ఊరికే పోదు.

వీటన్నిటికన్నా విలువైన చోటు బ్యానరూ కాదు, మొదటి బటనూ కాదు. బుట్ట కింద కనిపించే సన్నటి పట్టీ. పిన్ని 412 దగ్గర ఆగినప్పుడు అక్కడ ఉండాల్సిన మాట ఇది: 'ఇంకో ₹87 సరుకు వేస్తే ₹100 తగ్గుతుంది.' పక్కన 'ఏం వేయొచ్చో చూడండి' అని బటన్. నొక్కితే తొంభై, నూట పది రూపాయల మధ్య ఉండే, ఏ వంటింట్లోనైనా అయిపోయే వస్తువులు కనిపించాలి. 640 రూపాయల బాదంపప్పు కాదు. 499 దాటగానే తగ్గింపు దానంతటదే పడాలి, పట్టీ '₹100 తగ్గింది' అని మారాలి. `FIRST100` లాంటి కోడ్ గుర్తుపెట్టుకుని కొట్టమనడం దండగ. ఖాళీ కూపన్ పెట్టె కనిపిస్తే, ఇంకా పెద్ద కోడ్ ఎక్కడైనా దొరుకుతుందేమోనని దుకాణం వదిలి గూగుల్‌కి పోయేవాళ్లుంటారు. వాళ్లలో కొందరు తిరిగి రారు.

కిరాణాలో ఇంకో చిక్కుంది, బట్టల దుకాణాలకి తెలియనిది. పిన్ని 500 రూపాయలకి ఆర్డర్ పెట్టాక, సంచి కట్టేవేళకి టమాటాలు అయిపోయాయనుకోండి. 24 రూపాయలు తీసేస్తే 476. ఇప్పుడు వంద తగ్గింపు ఉన్నట్టా, పోయినట్టా? సరుకు లేకపోవడం దుకాణం తప్పు కాబట్టి తగ్గింపు నిలబడాలి. ఆ మాట ఆఫర్ షరతుల్లో ముందే రాసి ఉండాలి. ఏ వస్తువులకి ఆఫర్ లేదో కూడా అక్కడే చెప్పాలి. పసిపిల్లల పాలపొడి మీద ఆశలు చూపి అమ్మకం పెంచుకోవడాన్ని 1992 నాటి చట్టం ఒప్పుకోదు. బుట్టలో ఆ డబ్బా కూడా ఉంటే వంద తగ్గింపు దాని మీద పడకుండా లెక్క కట్టాలి.

తెలుగు బటన్ రాసేవాళ్లకి లిపితో ఒక తంటా ఉంది. ఇంగ్లీషు అక్షరాలకని కట్టిన పెట్టెలో తెలుగు పోస్తే పైన గుడులు, కింద ఒత్తులు తెగిపోతాయి. 'తగ్గింపు'లో గ ఒత్తు మాయమైతే 'తగింపు' మిగులుతుంది. మన మాట పొడవు కూడా ఎక్కువ. కాబట్టి బటన్ ఎత్తు అక్షరాలను బట్టి పెరిగేలా కట్టి, అగ్గువ ఫోన్‌లో, అక్షరాల సైజు పెద్దది చేసి ఒకసారి చూసుకోవాలి. వేలికి అందే కొలత ఆండ్రాయిడ్ మార్గదర్శకాల్లో 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. రంగు సంగతికొస్తే, మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ వెలుగులో తేడా కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ ప్రమాణం. పండగ బ్యానర్లలో పసుపు మీద తెల్లక్షరాలు దాని దరిదాపులకి కూడా రావు.

గడియారం పెట్టి బెదిరించే బ్యానర్లు అందరూ చూసే ఉంటారు. '09:59' నుంచి కిందకి దిగుతూ ఉంటుంది, పేజీ మళ్లీ తెరిస్తే తిరిగి '09:59'. మొదటి ఆర్డర్ ఆఫర్ పది నిమిషాల్లో అయిపోయేది ఎలాగూ కాదు. ఇలాంటి లేని తొందర పుట్టించడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు తప్పుగా లెక్కగట్టాయి. ఆ 13 రకాల జాబితాలోనే అడగని వస్తువు బుట్టలో చేర్చడం, చివర్లో చాటు ఛార్జీలు బయటపెట్టడం, కాదన్నవాళ్లను సిగ్గుపడేలా చేయడం కూడా ఉన్నాయి. 'వద్దు, నాకు డబ్బు ఆదా అక్కర్లేదు' అన్న బటన్ ఈ చివరి రకం. దాని బదులు 'తర్వాత చూస్తా' అంటే ఎవరి సొమ్ము పోయింది? 2022 నాటి ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం షరతు కూడా ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అదే ఫాంట్‌లో ఉండాలి. తెలుగులో 'వంద తగ్గింపు' అని చెప్పి, కింద ఇంగ్లీషులో చీమల బారు పెడితే కుదరదు.

కొత్త మాటలు పనిచేశాయో లేదో ఎలా తెలుస్తుంది? వచ్చినవాళ్లలో సగం మందికి పాత బటన్, సగం మందికి కొత్తది చూపించి లెక్క చూస్తారు. తొందరపడేది ఇక్కడే. వందమందిలో నలుగురు ఆర్డర్ పెడుతున్న దుకాణంలో అది ఐదుగురైందని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో బటన్‌ని దాదాపు 7,000 మంది చూడాలి. రోజుకి 300 మంది వచ్చే చిన్న దుకాణానికి అది నెలన్నర పని. మూడు రోజులకే 'కొత్తది గెలిచింది' అని పండగ చేసుకుంటే అది బొమ్మా బొరుసు ఆట. చూడాల్సింది నొక్కుళ్లు కూడా కాదు. 'ఉచితం' అని రాస్తే నొక్కేవాళ్లు పెరుగుతారు, బిల్లు దగ్గర వెనక్కి పోయేవాళ్లూ పెరుగుతారు. పూర్తయిన ఆర్డర్లు లెక్కపెట్టాలి. నెల తిరిగాక వాళ్లలో ఎందరు తగ్గింపు లేకుండా రెండో ఆర్డర్ పెట్టారో కూడా చూడాలి.

పిన్ని సంగతి అడుగుతారేమో. ఆ రోజు నేనే ఫోన్ తీసుకుని లెక్క చెప్పాను. "ముందే చెప్పి చావొచ్చుగా" అంటూ 88 రూపాయల పల్లీల ప్యాకెట్ వేసింది, 430 కట్టింది. రెండో ఆర్డర్ మాత్రం ఇంతవరకూ పెట్టలేదు.