పది మిల్లీవోల్టుల్లో ముప్పై కిలోలు

కిరాణా కొట్టులో బల్ల మీద ఉండే ఎలక్ట్రానిక్ కాటా పళ్ళెం తీసి చూస్తే, కింద ఓ అల్యూమినియం దిమ్మె కనిపిస్తుంది. దాన్ని లోడ్ సెల్ అంటారు. పళ్ళెంలో బియ్యం పోస్తే ఆ దిమ్మె కంటికి ఆననంత కొద్దిగా వంగుతుంది. దానికి అతికించిన నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లలో రెండు సాగుతాయి, రెండు కుదించుకుపోతాయి, దాంతో వాటి రెసిస్టెన్స్ మారుతుంది. ఈ నాలుగింటినీ కలిపిన తీరే బ్రిడ్జి. దీన్ని 1833లో వివరించినవాడు శామ్యూల్ హంటర్ క్రిస్టీ. తర్వాత వాడుకలోకి తెచ్చిన వీట్‌స్టన్ పేరే నిలిచిపోయింది.

బ్రిడ్జికి 5 వోల్టులు ఇచ్చామనుకుందాం. వోల్టుకు 2 మిల్లీవోల్టులిచ్చే లోడ్ సెల్ అయితే, పూర్తి 30 కిలోల బరువుకు దాని రెండు తీగల మధ్య వచ్చే తేడా 10 మిల్లీవోల్టులే. కాటా 5 గ్రాములను గుర్తుపట్టాలంటే అందులో ఆరువేల వంతు, అంటే దాదాపు 1.7 మైక్రోవోల్టులు, తెలియాలి. అసలు చిక్కు వేరే ఉంది. ఆ రెండు తీగలూ భూమి నుంచి చూస్తే 2.5 వోల్టుల ఎత్తున ఉంటాయి. మనకు అక్కరలేని ఈ ఉమ్మడి వోల్టేజి, కావలసిన 5 గ్రాముల తేడాకు 15 లక్షల రెట్లు.

ఒక్కో తీగకూ ఒక్కో ఆప్ ఆంప్ పెట్టి విడివిడిగా 250 రెట్లు పెంచుదామంటే కుదరదు. తేడాతోపాటు ఆ 2.5 వోల్టులూ పెరగాలి కాబట్టి రెండూ సరఫరా అంచుకు కొట్టుకుని అక్కడే ఆగిపోతాయి. మూడు ఆప్ ఆంప్‌ల డిజైన్‌లోని అందమంతా ఇక్కడే ఉంది. ఆ రెండింటి ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లను భూమికి కలపకుండా, వాటి మధ్య ఒకే రెసిస్టర్, Rg, పెడతారు. ఫీడ్‌బ్యాక్ ఉన్న ఆప్ ఆంప్ తన రెండు ఇన్‌పుట్లనూ సమానంగా ఉంచుతుంది. కాబట్టి Rg రెండు కొసల మీదా బ్రిడ్జి తీగల వోల్టేజీలే ఉంటాయి. రెండూ సమానమైతే Rgలో కరెంటే పారదు, ఉమ్మడి 2.5 వోల్టులు పెరగకుండా అలాగే బయటికొస్తాయి. 10 మిల్లీవోల్టుల తేడా ఉంటే 200 ఓమ్‌ల Rgలో 50 మైక్రోఆంపియర్లు పారతాయి. అదే కరెంటు రెండు పక్కలా ఉన్న 25 కిలో ఓమ్‌ల రెసిస్టర్లలోంచీ వెళ్ళాలి. అక్కడ ఒక్కో దానిపై 1.25 వోల్టులు చేరి, తేడా 2.51 వోల్టులవుతుంది.

G = 1 + 2R/Rg = 1 + 50000/200 = 251

ఆ రెండు 25 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు కాస్త అటూఇటూ అయినా ప్రమాదం లేదు. గెయిన్ కొంచెం మారుతుంది, తెలిసిన తూకపు రాయి పెట్టి సరిచేసుకోవచ్చు.

మూడో ఆప్ ఆంప్ దగ్గర మాత్రం అంత వెసులుబాటు లేదు. అది నాలుగు సమానమైన రెసిస్టర్ల సాయంతో ఒక వోల్టేజిలోంచి మరోదాన్ని తీసేస్తుంది. అవి ఒక శాతం రకమైతే, అన్నీ చెడ్డవైపుకే తప్పితే, ఉమ్మడి వోల్టేజిలో 2 శాతం అంటే 50 మిల్లీవోల్టులు బయటికి కారతాయి. కాటా మీద అది 600 గ్రాములు! సున్నా బటన్ నొక్కితే నిలకడగా ఉన్న తప్పు పోతుంది. ఎండకు రెసిస్టర్లు మారడం వల్ల వచ్చేదీ, రెండు తీగల మీదా కలిసి ఎక్కే 50 హెర్ట్జ్ రొదా పోవు. అందుకే INA128 లాంటి చిప్‌లలో ఈ రెసిస్టర్లను లోపలే వేసి లేజర్‌తో చెక్కి సరిపోలుస్తారు. బయట పెట్టవలసింది Rg ఒక్కటే. దాని మేలిరకంలో, ఈ స్థాయి గెయిన్ దగ్గర, ఉమ్మడి వోల్టేజి అణచివేత 120 డెసిబెల్స్‌కు తగ్గదు, అంటే పది లక్షల్లో ఒక వంతు.

అంత చక్కటి చిప్‌నూ ఒక చిన్న పని పాడు చేస్తుంది. ఒకే సరఫరాతో నడిపేటప్పుడు ఔట్‌పుట్ సున్నా దాకా దిగలేదు గనుక REF పిన్‌ను కొంత ఎత్తున ఉంచుతారు. దానికి రెండు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ల డివైడర్ సరిపోతుందనిపిస్తుంది. ఆ డివైడర్ 5 కిలో ఓమ్‌లుగా, లోపలి నాలుగు 40 కిలో ఓమ్‌ల రెసిస్టర్లలో ఒకదానికి వరసలో చేరుతుంది. లేజర్‌తో తెచ్చిన సమతూకం అక్కడితో పోయినట్టే.

పట్టుకోవడం తేలిక. బ్రిడ్జి తీసేసి, రెండు ఇన్‌పుట్లనూ ఒకదానికొకటి కలిపి, 2 వోల్టుల నుంచి 3 వోల్టులకు జరపాలి. సరైన సర్క్యూట్‌లో ఔట్‌పుట్ పావు మిల్లీవోల్టుకు మించి కదలదు. ఈ డివైడర్ ఉంటే దాదాపు 59 మిల్లీవోల్టులు కదులుతుంది. డివైడర్‌కూ REFకూ మధ్య ఒక ఆప్ ఆంప్ బఫర్ పెట్టి మళ్ళీ కొలిస్తే మీటర్ తిరిగి పావు మిల్లీవోల్టు లోపలికే వస్తుంది.